స్కోప్ వేస్తే గురి ఎందుకు తప్పుతుంది?

కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి ఒక వింత అంకె చేతులు మారుతోంది: 0.818933. కొందరు అంతటితో ఆగకుండా దాని వెనక మరో డజను అంకెలు కూడా రాసుకుంటారు. ఆటలో కన్సోల్ తెరిచి `zoom_sensitivity_ratio` అని కొట్టి, పక్కన ఈ అంకె పెడితే చాలు, స్నైపర్ తుపాకీ స్కోప్‌లోంచి చూస్తున్నప్పుడు కూడా చెయ్యి మామూలుగా ఉన్నట్టే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ మాటలో నిజం ఉంది. కాకపోతే అది తెర మధ్యలో మాత్రమే పూర్తిగా నిజం. అంచులకు వెళ్లే కొద్దీ సడలిపోతుంది. ఎందుకలా అన్నది తెలిస్తే ఏ షూటింగ్ ఆటలోనైనా స్కోప్ సెన్సిటివిటీ ఎంత పెట్టుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

సమస్య ఇది. చేతిలో పిస్తోలు ఉన్నప్పుడు తెర మధ్యలోని క్రాస్‌హెయిర్‌కు కాస్త కుడిపక్కన శత్రువు కనిపిస్తాడు. చెయ్యి అలవాటుగా సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ జరుగుతుంది, గురి అతని మీద పడుతుంది. అదే ఆటగాడు ఏడబ్ల్యూపీ స్నైపర్ పట్టుకుని స్కోప్ వేస్తాడు. ఈసారి కూడా శత్రువు తెర మీద అంతే దూరంలో కనిపిస్తాడు, చెయ్యి అంతే జరుగుతుంది, గురి మాత్రం అతన్ని దాటి పోతుంది. చేతికి ఉన్న అలవాటు ఒకటి, ఆట లెక్క ఇంకొకటి అయింది.

ఆట లెక్క చాలా సరళంగా ఉంటుంది. మౌస్ ఎంత జరిగిందో ఆటకు సెంటీమీటర్లలో తెలియదు, సంకేతాల లెక్కలో తెలుస్తుంది. 400 డీపీఐ మౌస్ అయితే అంగుళం కదిలినప్పుడు 400 సంకేతాలు పంపుతుంది. కౌంటర్ స్ట్రైక్‌లో ఒక్కో సంకేతానికి పాత్ర తిరిగే కోణం 0.022 డిగ్రీలు, దాన్ని ఆటగాడు పెట్టుకున్న సెన్సిటివిటీతో హెచ్చిస్తారు. సెన్సిటివిటీ 2 అనుకుంటే అంగుళానికి 17.6 డిగ్రీలు. అంటే చుట్టూ ఒకసారి పూర్తిగా తిరగాలంటే మౌస్‌ను సుమారు 52 సెంటీమీటర్లు లాగాలి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందల్లా ఒకటే. మౌస్ తిప్పేది కోణాన్ని. కన్ను చూసేది తెర మీది దూరాన్ని.

స్కోప్ వేసినప్పుడు ఆట చూపు కోణాన్ని కుదిస్తుంది. కౌంటర్ స్ట్రైక్‌లో మామూలు చూపు 90 డిగ్రీలు. ఏడబ్ల్యూపీ మొదటి జూమ్‌లో అది 40కి, రెండో జూమ్‌లో 10కి తగ్గుతుంది. ఇవి పాతకాలపు 4:3 తెర వెడల్పును బట్టి చెప్పే కోణాలు. ఇప్పటి 16:9 తెర మీద పక్కలకు ఇంకొంత ఎక్కువ కనిపిస్తుంది కానీ లెక్క మాత్రం ఆ పాత కొలత మీదే నడుస్తుంది.

తక్కువ కోణాన్ని అదే తెరంతా పరిస్తే బొమ్మ పెద్దదవుతుంది. దాంతోపాటు కదలిక కూడా పెద్దదవుతుంది. మౌస్ వేగాన్ని తగ్గించకుండా వదిలేస్తే, మొదటి జూమ్‌లో తెర మధ్యనున్న బొమ్మ మామూలుగా కంటే 2.75 రెట్లు వేగంగా పక్కకు పరుగెడుతుంది. అందుకే ఆటే సెన్సిటివిటీని కొంత తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్న దగ్గర కౌంటర్ స్ట్రైక్ పాటించే పద్ధతి పాతది. 1998 నాటి హాఫ్ లైఫ్ ఆటకు మార్పులు చేసుకునేవాళ్ల కోసం వాల్వ్ సంస్థ విడుదల చేసిన కోడ్‌లోనే ఆ వరుస ఉంది: కొత్త చూపు కోణాన్ని మామూలు చూపు కోణంతో భాగించు, దాన్ని సెన్సిటివిటీతో హెచ్చించు, ఆపైన `zoom_sensitivity_ratio` తో హెచ్చించు. హాఫ్ లైఫ్ మీద పుట్టిన కౌంటర్ స్ట్రైక్‌కు ఈ లెక్క వారసత్వంగా వచ్చింది.

ఆ ప్రకారం మొదటి జూమ్‌లో 40ని 90తో భాగిస్తే 0.444. గుణకం 1.0 దగ్గర ఉంటే 17.6 డిగ్రీల వేగం 7.8కి దిగుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. చూపు ఎంత తగ్గిందో వేగమూ అంతే తగ్గింది కదా! మరి గురి ఎందుకు దాటిపోతోంది?

తెర బల్లపరుపుగా ఉండటమే కారణం. చీకటి గదిలో గోడకు ఎదురుగా నిలబడి టార్చిలైటు పట్టుకున్నారనుకోండి. సూటిగా ఎదురుగా వేసి ఒక డిగ్రీ తిప్పితే వెలుగు మచ్చ గోడ మీద కాస్తే జరుగుతుంది. బాగా పక్కకు వాల్చి అదే ఒక డిగ్రీ తిప్పితే మచ్చ గోడ మీద చాలా దూరం జారిపోతుంది. ఆట తెర కూడా అలాంటి గోడే. మధ్యలో ఒక డిగ్రీకి తక్కువ పిక్సెళ్లు, అంచుల్లో ఒక డిగ్రీకి ఎక్కువ పిక్సెళ్లు. చూపు 90 డిగ్రీలున్నప్పుడు ఈ సాగుడు అంచుల దగ్గర బాగా కనిపిస్తుంది. 40 డిగ్రీలకు కుదిస్తే కొంచెమే ఉంటుంది, 10 డిగ్రీల్లో దాదాపు ఉండదు. సాగిన బొమ్మకూ సాగని బొమ్మకూ మధ్య ఒకే నిష్పత్తి తెర అంతటా పనిచేయదు. కోణాల భాగహారం ఈ సంగతిని పట్టించుకోదు.

దీన్ని కొలతల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. 1920×1080 తెర, 400 డీపీఐ, సెన్సిటివిటీ 2. శత్రువు క్రాస్‌హెయిర్‌కు 100 పిక్సెళ్ల దూరంలో ఉన్నాడు. 24 అంగుళాల మానిటర్ మీద అది మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పిస్తోలు పట్టుకున్నప్పుడు ఆ దూరం 7.9 డిగ్రీలు, చెయ్యి జరగాల్సింది 11.4 మిల్లీమీటర్లు. మొదటి జూమ్‌లో తెర మీద అదే 100 పిక్సెళ్లు 2.9 డిగ్రీలే. గుణకం 1.0 ఉంటే చెయ్యి 9.4 మిల్లీమీటర్లు జరిగితే చాలు. అలవాటుపడిన చెయ్యి 11.4 జరుపుతుంది. గురి శత్రువును దాటి దాదాపు 20 పిక్సెళ్లు అవతల పడుతుంది. దూరాన ఉన్న మనిషి తల స్కోప్‌లో కూడా అంత వెడల్పు ఉండకపోవచ్చు.

ఇప్పుడు 0.818933 పెట్టి చూద్దాం. అదే 100 పిక్సెళ్లకు చెయ్యి జరగాల్సింది 11.5 మిల్లీమీటర్లు. పిస్తోలుకూ స్కోప్‌కూ తేడా పదో వంతు మిల్లీమీటరు కూడా లేదు. ఈ అంకె మంత్రం కాదు. తెర మధ్యలో బొమ్మ ఎంత పెద్దదయిందో సరిగ్గా అంత మేరకే మౌస్ వేగాన్ని తగ్గించే అంకె. బొమ్మ ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పేది కోణాల నిష్పత్తి కాదు, సగం కోణాల టాంజెంట్ల నిష్పత్తి. ఆట ముందే చేసిన 40/90 భాగహారాన్ని తీసేసి దాని స్థానంలో సరైన నిష్పత్తిని పెడితే ఈ అంకె దానంతటదే వస్తుంది:

```
(tan 20° / tan 45°) / (40 / 90) = 0.8189
```

అయితే మరో కొలత కూడా చూడాలి. శత్రువు క్రాస్‌హెయిర్‌కు 720 పిక్సెళ్ల దూరంలో, అంటే 4:3 తెరకు అంచు ఎక్కడ వస్తుందో అక్కడ ఉన్నాడనుకుందాం. పిస్తోలుతో అది 45 డిగ్రీలు, చెయ్యి జరగాల్సింది 65 మిల్లీమీటర్లు. మొదటి జూమ్‌లో అది 20 డిగ్రీలు. గుణకం 1.0 దగ్గర చెయ్యి జరగాల్సింది సరిగ్గా అదే 65 మిల్లీమీటర్లు! 0.8189 పెట్టినవాడు 79 మిల్లీమీటర్లు లాగాలి. అంటే వాల్వ్ పాత లెక్క తప్పేమీ కాదు. అది 4:3 తెర అంచు దగ్గర సమానం చేసే లెక్క. ప్రసిద్ధి చెందిన అంకె తెర నడిబొడ్డున సమానం చేసే లెక్క. రెండూ ‘సమానమే’, వేర్వేరు చోట్ల.

మరి ఏది ఎంచుకోవాలి? ఏడబ్ల్యూపీ విషయంలో ఒక చిన్న పరిశీలన దారి చూపిస్తుంది. స్కోప్ వేస్తే తెర మీద గుండ్రటి అద్దం మిగులుతుంది, దాని రెండు పక్కలా నలుపు. ఆ గుండ్రం తెర ఎత్తుకు మించదు. కేంద్రం నుంచి 540 పిక్సెళ్లకు అటూ ఇటూ. కాబట్టి గుణకం 1.0 సమానం చేసే ఆ 720 పిక్సెళ్ల చోటు స్కోప్‌లో కనిపించనే కనిపించదు. గుండ్రం అంచు దగ్గర సమానం కావాలంటే వచ్చే గుణకం 0.93. కనిపించే మేరలో సమానత్వం కోరుకునేవాళ్లు 0.82కూ 0.93కూ మధ్యలోనే ఎంచుకోవాలి. స్కోప్ వేశాక చిన్న చిన్న సవరణలు మాత్రమే చేసేవాళ్లకు 0.82 వైపు, అద్దం చివర కనిపించినవాడి మీదకు ఒక్క విసురులో గురి లాగేవాళ్లకు 0.93 వైపు మొగ్గు ఉంటే లెక్కకు సరిపోతుంది.

రెండో జూమ్ దగ్గర ఇంకో చిక్కు. 10 డిగ్రీల చూపుకు అదే లెక్క వేస్తే మధ్యలో సమానం చేసే గుణకం 0.7874. ఆట ఇచ్చేది మాత్రం రెండు జూమ్‌లకూ కలిపి ఒకే గుణకం. మొదటిదానికి సరిచేస్తే రెండోది నాలుగు శాతం వేగంగా ఉంటుంది. నాలుగు శాతం అంటే పైన చెప్పిన 11.5 మిల్లీమీటర్లలో అర మిల్లీమీటరు కూడా కాదు. ఎక్కువమంది మొదటి జూమ్‌లోనే కాలుస్తారు గనుక దానికే సరిచేసుకోవడం సబబు. 4:3 తెరను పక్కలకు సాగదీసి ఆడేవాళ్లకు కూడా ఈ అంకెలు మారవు. సాగుడు స్కోప్‌లోనూ బయటా ఒకేలా ఉంటుంది కాబట్టి నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది.

ఇంత సరిచేసినా కొందరు ‘ఇంకా అలాగే ఉంది’ అంటారు. వాళ్లు సాధారణంగా రెండు పరిస్థితుల్లో ఒకదానిలో ఉంటారు, ఆ రెండింటినీ పైన చెప్పిన గుణకాలేవీ తీర్చవు. మొదటిది, శత్రువును స్కోప్ బయట చూసి, చెయ్యి కదలడం మొదలయ్యాక స్కోప్ వేయడం. బయట 100 పిక్సెళ్ల దూరంలో ఉన్నవాడు జూమ్ పడిన క్షణాన 275 పిక్సెళ్ల అవతలికి వెళతాడు. కోణం మారలేదు, తెర మీది చోటు మారింది. 0.8189 దగ్గర అతన్ని అందుకోవాలంటే చెయ్యి 11 కాదు, 31 మిల్లీమీటర్లు జరగాలి. గుణకం తెర మీది దూరానికి హామీ ఇస్తుంది తప్ప జూమ్‌కు ముందు వేసుకున్న అంచనాకు కాదు. ఇలాంటి చోట ముందు గురిని దగ్గరకు తెచ్చి, ఆపైన స్కోప్ వేయడమే మార్గం.

రెండోది పరుగెత్తేవాణ్ని వెంబడించడం. అడ్డంగా పరుగెత్తే శత్రువు స్కోప్‌లో 2.75 రెట్లు వేగంగా కదులుతున్నట్టు కనిపిస్తాడు, కాబట్టి చెయ్యి కూడా 2.75 రెట్లు వేగంగా జరగాలి. ‘ఎంత దూరం తిప్పితే ఎన్ని డిగ్రీలు’ అన్నది స్కోప్‌లోనూ బయటా ఒకటే ఉండాలనుకుంటే కౌంటర్ స్ట్రైక్‌లో మొదటి జూమ్‌కు గుణకం 2.25 పెట్టాలి. అప్పుడు వెంబడించడం పిస్తోలుతో చేసినట్టే ఉంటుంది కానీ క్రాస్‌హెయిర్ తెర మీద చేతికి చిక్కదు. చెయ్యి వణికితే గురి గంతులేస్తుంది. ఏడబ్ల్యూపీ లాంటి ఒక్క దెబ్బ తుపాకీకి అది ఎవరికీ పనికిరాదు. అందుకే గుణకాల చర్చ అంతా 1.0 చుట్టూ, దానికి దిగువనే నడుస్తుంది.

ఒక ఆట అంకెను ఇంకో ఆటలో దింపితే ఏమవుతుందో ఓవర్‌వాచ్ చక్కగా చూపిస్తుంది. అందులో విడోమేకర్ అనే స్నైపర్ పాత్రకు స్కోప్ సెన్సిటివిటీ డిఫాల్ట్ 30. అది శాతం. కౌంటర్ స్ట్రైక్‌లోలా ఆట ముందుగా కోణాల భాగహారం చేయదు, మామూలు సెన్సిటివిటీలో నేరుగా అంత శాతం తీసుకుంటుంది. మామూలు చూపు 103 డిగ్రీలు, స్కోప్‌లో దాదాపు 51. టాంజెంట్ల లెక్క వేస్తే తెర మధ్యలో సమానం చేసే విలువ సుమారు 38, ఆటగాళ్లలో 37.89 గా ప్రచారంలో ఉన్నది ఇదే. డిఫాల్ట్ 30 అంటే సమానం కంటే నెమ్మది. అక్కడ 0.82ని 82 శాతం అనుకుని పెట్టినవాడికి స్కోప్ రెండింతలకు మించిన వేగంతో తిరుగుతుంది. కాబట్టి ఏ ఆటలోనైనా ముందు తెలుసుకోవాల్సింది గుణకం దేన్ని హెచ్చిస్తోందన్నది: మామూలు సెన్సిటివిటీనా, లేక ఆట ఇప్పటికే తగ్గించిన దాన్నా?

కొన్ని ఆటలు ఈ ఎంపికను ఆటగాడికే నేరుగా అప్పగించాయి. 2016లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 1లో ‘యూనిఫాం సోల్జర్ ఎయిమింగ్’ అనే మీట ఉంది. దాన్ని వేస్తే అన్ని స్కోప్‌లకూ ఆటే లెక్క కట్టుకుంటుంది. పక్కనే ఉన్న ఒక అంకె సమానత్వం తెర మీద ఏ చోట కావాలో చెబుతుంది. 0 పెడితే తెర మధ్య. 133 పెడితే 4:3 తెర అంచు, అంటే కౌంటర్ స్ట్రైక్‌లో 1.0 చేసే పనే. 178 పెడితే 16:9 తెర అంచు. 2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్‌లో అదే ఆలోచన 1.33 అనే విలువగా కనిపిస్తుంది. ఇలాంటి ఆటల్లో రెండు జూమ్‌లకు ఒకే గుణకం అనే ఇబ్బంది ఉండదు, ఒక్కో స్కోప్‌కు ఆటే వేరుగా లెక్క కడుతుంది.

తెలుగు రాష్ట్రాల కుర్రకారు ఎక్కువగా ఆడే బీజీఎంఐలో పద్ధతి వేరు. ఫోన్ తెర మీద రెడ్ డాట్ దగ్గర నుంచి 8ఎక్స్ దాకా ఒక్కో స్కోప్‌కు ఒక్కో స్లైడర్ ఉంటుంది. అందులోనూ మామూలుగా చూసేటప్పుడు ఒక పట్టిక, కాల్చేటప్పుడు ఒక పట్టిక, ఫోన్‌ను వంచి గురిపెట్టే జైరోస్కోప్‌కు ఇంకో పట్టిక. మిత్రుల నుంచి కోడ్ తెచ్చుకుని ఈ అంకెలన్నీ ఒక్క దెబ్బలో దింపుకోవడం మామూలే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. చూసేటప్పటి పట్టికకు పైన చెప్పిన సమానత్వం ఆశయంగా పెట్టుకోవచ్చు. కాల్చేటప్పటి పట్టిక పని మాత్రం వేరు. పేలుస్తుంటే పైకి లేచే తుపాకీని కిందికి లాగిపట్టడానికి ఎంత వేగం కావాలో అది తేలుస్తుంది. ఎదుటివాడి వేలి బలం, ఫోన్ పరిమాణం, ఎంచుకున్న తుపాకీ అన్నీ అందులో కలిసి ఉంటాయి. చూసేటప్పటి అంకెలు ఒకరి నుంచి ఒకరికి కొంతవరకు పనికొస్తాయి, కాల్చేటప్పటివి అంతగా పనికిరావు.

పెట్టుకున్న గుణకం సరైనదో కాదో చూడటానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. ఒక స్కేలు, రెండు చిన్న స్టిక్కర్లు చాలు. మానిటర్ మీద క్రాస్‌హెయిర్‌కు సరిగ్గా కుడివైపు మూడు సెంటీమీటర్ల దగ్గర ఒక స్టిక్కర్, గుండ్రటి అద్దం అంచుకు కాస్త ఇవతల ఇంకొకటి అంటించాలి. ఎవరూ లేని మ్యాప్‌లో పిస్తోలు పట్టుకుని, గోడ మీది ఏదో ఒక గుర్తు మొదటి స్టిక్కర్ పక్కకు వచ్చేలా నిలబడాలి. స్కోప్ లేని కొలతను పిస్తోలుతోనే చూడటానికి కారణం, ఏడబ్ల్యూపీకి స్కోప్ వేయకపోతే క్రాస్‌హెయిర్ ఉండదు. మౌస్ పక్కన స్కేలు పెట్టి, ఆ గుర్తు క్రాస్‌హెయిర్ కిందకు వచ్చేదాకా జరిపి ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోవాలి. తర్వాత ఏడబ్ల్యూపీతో మొదటి జూమ్ వేసి, వేరే గుర్తును అదే స్టిక్కర్ పక్కకు తెచ్చుకుని మళ్లీ కొలవాలి. ఆపైన రెండో స్టిక్కర్‌తో ఇదంతా ఇంకోసారి.

స్కోప్ కొలత పిస్తోలు కొలత కంటే తక్కువ వస్తే స్కోప్ వేగంగా ఉన్నట్టు, గుణకం తగ్గించాలి. ఎక్కువ వస్తే నెమ్మదిగా ఉన్నట్టు, పెంచాలి. ఏ గుణకం పెట్టినా రెండు స్టిక్కర్ల దగ్గరా ఒకేసారి కొలతలు కలవవు. 0.82 దగ్గర మొదటిది కలిసి రెండోదాని దగ్గర స్కోప్‌కు ఎక్కువ మిల్లీమీటర్లు పడతాయి, 0.93 దగ్గర రెండోది కలిసి మొదటిదాని దగ్గర తక్కువ పడతాయి. ఆటగాడు తన తూటాలు ఎక్కువగా తప్పుతున్న చోటు ఏ స్టిక్కర్‌కు దగ్గరో చూసుకుని ఆ వైపు గుణకం పెట్టుకుంటే సరిపోతుంది.